ఫిక్స్‌డ్ జీతం ఒప్పుకున్నాక జాయినింగ్ బోనస్, సామాను ఖర్చు, త్వరగా హైక్ అడగవచ్చా? బెంగళూరు నుంచి శ్రీసిటీకి

రేణిగుంట_కుర్రాడు

అందరికీ నమస్కారం. మాది రేణిగుంట. తొమ్మిదేళ్ల అనుభవం ఉంది, ఇప్పుడు బెంగళూరులో ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజినీరుగా చేస్తున్నాను. శ్రీసిటీలో ఒక ప్లాంటులో అన్ని రౌండ్లూ అయ్యాయి. ఏడాదికి 15,60,000 ఫిక్స్‌డ్ అన్నారు, నేను ఫోన్‌లో సరే అన్నాను. ఇప్పుడు వస్తున్నది 13,20,000. ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు, గురువారం లోపు పంపుతామన్నారు. అది చేతికొచ్చాక జూలై 10న రాజీనామా ఇవ్వాలనుకుంటున్నాను.

జీతం గురించి మళ్లీ మాట్లాడను. ఒప్పుకున్నాను, అది అయిపోయింది. కానీ ఫోన్ పెట్టేశాక లెక్కలు వేసుకుంటే మూడు విషయాలు తేలాయి. ఇక్కడ ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు చేసిన పనికి ఇన్సెంటివ్ అక్టోబర్ చివర్లో ఇస్తారు. ఆ రోజుకు ఉద్యోగంలో ఉన్నవాళ్లకే వస్తుంది. పోయిన ఏడాది నాకు 70,000 వచ్చింది, ఈసారి అది పోతుంది. రెండు, ఇల్లు ఖాళీ చేసి సామానంతా తేవాలి. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. మూడు, కొత్త కంపెనీలో ఏప్రిల్‌లో హైక్‌లు ఇస్తారట, మధ్యలో చేరినవాళ్ల సంగతి ఏమిటో తెలియదు.

సామాను ఖర్చు గురించి మాటవరసకు అడిగితే హెచ్ఆర్ అమ్మాయి "మీది తిరుపతి పక్కనే కదండీ, సొంతూరికే వస్తున్నారు కదా" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఇప్పుడు ఇవన్నీ అడిగితే మాట తప్పినట్టు అనుకుంటారా? ఒక్కటే అడగాల్సి వస్తే దేన్ని అడగాలి?

---

కాణిపాకం_88

తమ్ముడూ, రీలొకేషన్ డబ్బుకు టాక్స్ ఉండదు. అందుకని బోనస్ అనే మాటే ఎత్తకుండా మొత్తం రీలొకేషన్ కింద లక్షన్నర అడుగు. బోనస్‌గా తీసుకుంటే టాక్స్ పోతుంది, రీలొకేషన్‌గా తీసుకుంటే పూర్తిగా మిగులుతుంది. ఒకవేళ బోనసే ఇస్తామంటే, ఆ 70,000 చేతికి వచ్చేలా టాక్స్ కూడా కలిపి 83,000 అడుగు.

---

ఎస్వీయూ_2023

అన్నా, 15.6 అంటే చాలా మంచి ప్యాకేజీ. 18 పర్సెంట్ హైక్ వచ్చాక ఇంకా పెంచమంటే ఆఫరే వెనక్కి తీసుకుంటారేమో. మా రూమ్మేటుకు అలాగే అయింది, జీతం ఇంకో లక్ష పెంచమని రెండుసార్లు అడిగాడు, తర్వాత వాళ్లు ఫోనే ఎత్తలేదు.

---

రేణిగుంట_కుర్రాడు

తమ్ముడూ, జీతం పెంచమనడం లేదు. అది ముగిసిన సంగతి. దాని బయట ఉన్నవాటి గురించే అడుగుతున్నాను.

---

పేరోల్_అక్క

పన్నెండేళ్లు ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో, అందులో ఎక్కువ భాగం శ్రీసిటీ, నాయుడుపేట వైపు ప్లాంట్లలో చేశాను. చిన్నోడు భయపడేదానిలో అర్థముంది, కానీ అది ఫిక్స్‌డ్ జీతానికి వర్తించే భయం.

ఫిక్స్‌డ్ ఎందుకు కదలదంటే, ఆ గ్రేడులో ఇప్పటికే పనిచేస్తున్న పాతవాళ్ల జీతాల పక్కన నీ అంకె నిలబడాలి. నీకు యాభై వేలు పెంచితే రేపు నలుగురు వచ్చి అడుగుతారు, పైగా అది ఏటా మోయాల్సిన ఖర్చు. జాయినింగ్ బోనస్ ఒక్కసారితో అయిపోతుంది, దాన్ని నిన్ను తీసుకుంటున్న డిపార్ట్‌మెంట్ హెడ్ తన బడ్జెట్‌లోంచి ఒప్పుకుంటే చాలు. సామాను ఖర్చుకు గ్రేడును బట్టి పాలసీ ఉంటుంది, హెచ్ఆర్ దాన్ని చూసి ఇచ్చేస్తుంది. ఏప్రిల్ హైక్ విషయం మాత్రం హెచ్ఆర్ హెడ్ దగ్గరికి వెళ్లాలి. ఒక్కోదానికి ఒక్కో తలుపు ఉంది కాబట్టి ఫిక్స్‌డ్ తలుపు మూసుకుంటే మిగతావి మూసుకున్నట్టు కాదు. అయితే ఆఫర్ లెటర్ తయారవకముందే అడగాలి. సంతకం పెట్టాక అడిగితే లెటర్ మళ్లీ అప్రూవల్‌కు వెళ్లాలి, దానికి ఎవరూ ముందుకు రారు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఒక్కటే అడగాల్సి వస్తే బోనస్ కాదు, ఏప్రిల్ హైక్. ముందు ఒకటి కనుక్కో: వాళ్ల కటాఫ్ తేదీ ఏది? చాలా కంపెనీల్లో ఏప్రిల్ హైక్ రావాలంటే అంతకుముందు ఫలానా తేదీకల్లా చేరి ఉండాలి అని ఉంటుంది. సెప్టెంబర్ 30 పెట్టేవాళ్లు ఉన్నారు, డిసెంబర్ 31 పెట్టేవాళ్లు ఉన్నారు. నీ నోటీస్ పీరియడ్ ఎంత?

---

రేణిగుంట_కుర్రాడు

90 రోజులు అక్కా. కటాఫ్ గురించి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. మీరన్నట్టే సెప్టెంబర్ 30 అట.

---

పేరోల్_అక్క

అయితే క్యాలెండర్ ముందు పెట్టుకో. జూలై 10న రాజీనామా ఇస్తే 90వ రోజు అక్టోబర్ 8. ఆ తర్వాత చేరితే కటాఫ్ దాటిపోతుంది. వచ్చే ఏప్రిల్‌లో నీ పేరు లిస్టులో ఉండదు, ఆపై ఏప్రిల్ దాకా ఆగాలి. అంటే చేరిన పద్దెనిమిది నెలలకు మొదటి హైక్.

వాళ్లు మామూలుగా 8 శాతం ఇస్తారనుకో. 15,60,000 మీద అది 1,24,800. నెలకు 10,400 చొప్పున ఏడాది పొడవునా రాకుండా పోతుంది, ఆ తర్వాత వచ్చే ప్రతి హైక్ కూడా తక్కువ అంకె మీదే పడుతుంది. ఆరు నెలలే పనిచేశావు కాబట్టి కొందరు సగం హైకే ఇస్తారు. సగమే అనుకున్నా 62,400, అదీ జీతంలో కలిసిపోయే డబ్బు. నువ్వు 70,000 కోసం ఆలోచిస్తున్నావు, అది ఒకసారి వచ్చి పోతుంది.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, సెప్టెంబర్ 30కే చేరడం. సెప్టెంబర్ 29న రిలీవ్ అయితే నోటీసులో తొమ్మిది రోజులు తగ్గుతాయి. ఆ తొమ్మిది రోజులకు నువ్వు డబ్బు కట్టాలి. అది బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది నీ పాత అపాయింట్‌మెంట్ లెటర్లో చూడు. నీకు నెలకు 1,10,000 గ్రాస్, బేసిక్ అందులో సగమైతే, బేసిక్ మీద 16,500, గ్రాస్ మీద 33,000 అవుతుంది. ఈ డబ్బు మీరే భరించండి అని కొత్త కంపెనీని అడుగు. త్వరగా మనిషి కావాలనుకునే ప్లాంటు దీన్ని సులువుగా ఒప్పుకుంటుంది. రెండో దారి, పాత కంపెనీ ముందే వదలకపోతే, ఆఫర్ లెటర్లో ఒక్క వాక్యం అడుగు: కటాఫ్‌తో సంబంధం లేకుండా వచ్చే ఏప్రిల్ జీతాల సమీక్షకు అర్హుడు అని.

---

శ్రీసిటీ_బి_షిఫ్ట్

కటాఫ్ తలనొప్పి ఎందుకు? ఆరు నెలలకు జీతం సమీక్షిస్తాం అని లెటర్లో రాయించుకుంటే పోలా? మా లైన్‌లో ఒకాయన అలాగే రాయించుకున్నాడు.

---

పేరోల్_అక్క

రాయించుకున్నాక ఆయనకు పెరిగిందా?

---

శ్రీసిటీ_బి_షిఫ్ట్

లేదక్కా. సమీక్ష చేశారు. పని బాగుంది అన్నారు, ఏప్రిల్‌లో చూద్దాం అన్నారు.

---

పేరోల్_అక్క

అదే నేను చెప్పేది. సమీక్షిస్తాం అన్నారు, సమీక్షించారు, కాబట్టి మాట తప్పినట్టు కాదు. ఏప్రిల్‌లో హైక్‌ల కోసం డిపార్ట్‌మెంట్‌కు ఒక మొత్తం వస్తుంది, మేనేజర్ దాన్ని పంచుతాడు. అక్టోబర్‌లోనో జనవరిలోనో అలాంటి మొత్తం ఉండదు. మేనేజర్‌కు ఇవ్వాలని ఉన్నా విడిగా పై నుంచి తెచ్చుకోవాలి. నిన్ను తీసుకున్న మేనేజరే మారిపోతే ఆ వాక్యం సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే విడి సమీక్ష కన్నా అందరికీ డబ్బు వచ్చే ఏప్రిల్ లిస్టులో పేరుండడం గట్టిది. ఇంత శాతం ఇస్తామని రాసివ్వరు, అది అడగొద్దు కూడా.

కాణిపాకం తమ్ముడు చెప్పినదానిలో సగం నిజం. ప్యాకింగ్, లారీ, కుటుంబం టికెట్లు, వీటి బిల్లులు ఇచ్చి ఆ మేరకు తీసుకుంటే సాధారణంగా టాక్స్‌లో కలపరు. బిల్లుల్లేకుండా ఏకమొత్తంగా జీతంతో పాటు వేస్తే దానికి ఏ పేరు పెట్టినా టీడీఎస్ కోస్తారు. బెంగళూరు నుంచి రేణిగుంటకు సామాను తేవడానికి లక్షన్నర బిల్లు ఎక్కడి నుంచి వస్తుంది? దొంగ బిల్లులు పెట్టడం మొదలుపెడితే చేరిన నెలలోనే ఉద్యోగం పోగొట్టుకోవచ్చు. ఆ పని చేసి పోయినవాళ్లను చూశాను.

ఇక 83,000 మాట. పాత కంపెనీ ఇచ్చినా ఆ 70,000 మీద టాక్స్ పోయేదే కదా. రెండూ జీతమే. పోయినదానికి పోయినంతే, 70,000 అడిగితే న్యాయంగా కనిపిస్తుంది. పోయిన ఏడాది ఇన్సెంటివ్ పడిన పే స్లిప్ జతచేస్తే ఇంకా బలం. ఊరికే లక్ష కావాలి అన్నదానికి నేనైతే కాదు అనేదాన్ని, కాగితం చూపించి నాకు ఇంత పోతోంది అన్నవాళ్ల కోసం మాత్రం పైకి రాసి తెచ్చేదాన్ని.

---

కాణిపాకం_88

బిల్లుల సంగతి సరే అక్కా, మా కంపెనీలో నాకు ఏకమొత్తంగానే ఇచ్చారు, కోత పడలేదు. అందుకే అలా అన్నాను.

---

పేరోల్_అక్క

ఏ పద్దు కింద వేశారో నీ ఫారం 16లో చూడు తమ్ముడూ. నీ మొత్తం ఆదాయమే టాక్స్ పడే హద్దుకు లోపల ఉండి ఉండొచ్చు. 2025 బడ్జెట్ తర్వాత కొత్త పద్ధతిలో 12,75,000 దాకా జీతం మీద టాక్స్ ఏమీ రాదు కదా. రేణిగుంట అబ్బాయికి అలా కాదు. పాతది సగం ఏడాది, కొత్తది సగం ఏడాది కలిపితే 14,40,000 దగ్గరికి వస్తుంది. అతని 70,000 బోనస్ మీద 15 శాతం, సెస్‌తో కలిపి 10,920 పోతుంది, చేతికి 59,080 వస్తుంది. చేరగానే పాత కంపెనీ జీతం వివరాలు కొత్త పేరోల్‌కు ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండు కంపెనీలూ తమ వంతు ఆదాయం తక్కువే అనుకుని సరిపడా కోత వేయవు, జూలైలో రిటర్న్ వేసేటప్పుడు మిగతాదంతా ఒక్కసారి, వడ్డీతో సహా మీద పడుతుంది.

---

బెంగళూరు_టు_చిత్తూరు

బోనస్ తీసుకునేవాళ్లు రికవరీ షరతు చదవకుండా సంతకం పెట్టొద్దు. నా విషయం చెబుతాను.

ఒక కంపెనీలో లక్షన్నర జాయినింగ్ బోనస్ ఇచ్చారు. ఫిబ్రవరి జీతంతో వచ్చింది. నేనప్పుడు 30 శాతం స్లాబులో ఉన్నాను, సెస్‌తో కలిపి 46,800 కోశారు, చేతికి 1,03,200 వచ్చింది. ఏడాది లోపు మానేస్తే తిరిగి ఇవ్వాలి అని లెటర్లో ఉంది. మా నాన్నకు ఆరోగ్యం బాగాలేక పదకొండో నెలలో మానేసి చిత్తూరు వచ్చేశాను. ఫుల్ అండ్ ఫైనల్‌లో మొత్తం లక్షన్నర పట్టుకున్నారు. పది నెలలు పనిచేసిన లెక్క లేదు, నేను చూడని 46,800 కూడా నా దగ్గరే వసూలు చేశారు. ఆ టాక్స్ ముందు ఆర్థిక సంవత్సరానిది, దాని రిటర్న్ అప్పటికే వేసేశాను. హెచ్ఆర్‌ను అడిగితే లెటర్లో ఉన్నదే చేశాం అన్నారు. ఉన్నది నిజమే, కానీ అది న్యాయం కాదు, ఇప్పటికీ అదే అంటాను.

---

పేరోల్_అక్క

ఇది చాలామందికి జరుగుతుంది. రెండు మాటలు అడగండి. పనిచేసిన నెలలను తగ్గించి మిగతాదే తీసుకోవాలి, అంటే పన్నెండు నెలల షరతులో పది నెలలు చేస్తే ఆరో వంతే తిరిగి ఇవ్వాలి. ఇది చాలాచోట్ల ఒప్పుకుంటారు. కంపెనీయే తీసేస్తే రికవరీ ఉండకూడదు, దీన్నీ ఒప్పుకుంటారు. టాక్స్ పోను చేతికొచ్చినదే తీసుకోండి అనేది మాత్రం నేను పనిచేసిన చోట ఫైనాన్స్ వాళ్లు ఒప్పుకోలేదు.

---

కరకంబాడి_రోడ్

నేను రెండో వైపు కూర్చునేవాణ్ణి, మా ప్లాంటులో ఇంజినీర్లను నేనే తీసుకుంటాను. అక్క చెప్పిన లెక్కలు బాగున్నాయి, కానీ మూడూ అడగడం నాకు నచ్చదు. మనిషి ఒప్పుకున్నాడని నేను పైవాళ్లకు చెప్పేశాక, సోమవారం బోనస్, బుధవారం లారీ, శుక్రవారం అప్రైజల్ అంటూ ఒక్కొక్కటే వస్తే, ఇతను చేరాక కూడా ఇలాగే ఉంటాడా అని అనుమానం వస్తుంది. అలా చేసిన ఒకాయన కోసం నేను ఇక పైకి రాయనని హెచ్ఆర్‌కు చెప్పేశాను.

అడగాలనుకుంటే ఒకే మెయిల్, ఒకేసారి. జీతం ఒప్పుకున్నాను, దానిలో మార్పు లేదు అని మొదటి వాక్యంలోనే ఉండాలి. ముఖ్యమైనది ఏదో చెప్పాలి, మిగతావి మీ పాలసీ ప్రకారం అనాలి. నన్నడిగితే బోనస్ వదిలేయమంటాను. 18 శాతం పెరిగినవాడు 70,000 పోయిందంటే నాకు పెద్దగా జాలి కలగదు.

---

పేరోల్_అక్క

ఒకే మెయిల్ అన్న మాటకు పూర్తిగా సరే. బోనస్ దగ్గర మాత్రం మీతో కలవను సార్. ఆ ఇన్సెంటివ్ అతను ఇప్పటికే చేసిన పనికి రావాల్సింది. మీరు రమ్మన్న తేదీ వల్ల పోతోంది.

---

కరకంబాడి_రోడ్

అక్టోబర్ చివరి దాకా ఆగి నవంబర్‌లో చేరితే అది అతనికే వస్తుంది కదా. తొందరలో అతని లాభం కూడా ఉంది.

---

శ్రీసిటీ_బి_షిఫ్ట్

సామాను సంగతి కూడా చెప్పన్నా. రేణిగుంటలో ఉండి రోజూ వెళ్లొస్తావా, లేక సూళ్లూరుపేట, తడ వైపు ఇల్లు తీసుకుంటావా? కొన్ని ప్లాంట్లకు తిరుపతి నుంచి స్టాఫ్ బస్సు ఉంది, కొన్నింటికి లేదు. లేకపోతే నెలనెలా నీకయ్యే పెట్రోలు ముందు సామాను ఖర్చు ఏపాటి? అది ముందు అడుగు. షిఫ్టు ముగిశాక బస్సు ఉంటుందా, జనరల్ షిఫ్టుకు మాత్రమేనా అన్నది కూడా అడుగు.

సొంతూరు అన్న మాటకు జవాబు కూడా ఉంది. సామాను ఉన్నది బెంగళూరులో, అక్కడి నుంచి లారీ ఎక్కించాలి. నీ ఊరు ఏదైనా లారీవాడు డబ్బు తగ్గించడు.

---

రేణిగుంట_కుర్రాడు

అందరికీ చాలా థ్యాంక్స్. మొదట అమ్మానాన్నల దగ్గరే ఉంటాం, రేణిగుంట నుంచి స్టాఫ్ బస్సు ఉందట, జనరల్ షిఫ్టుకే. లారీకి 28,000 అన్నారు. ఈ రాత్రి మెయిల్ పంపుతున్నాను. ఇంగ్లీషులో రాశాను, సారం ఇది:

"15,60,000 ఫిక్స్‌డ్‌కు నేను ఒప్పుకున్నాను, అందులో మార్పు కోరడం లేదు. ఆఫర్ లెటర్ తయారయ్యే ముందు మీ దృష్టికి తెస్తున్నాను. నాకు ముఖ్యమైనది వచ్చే ఏప్రిల్ సమీక్షకు అర్హత. నా నోటీసు అక్టోబర్ 8తో ముగుస్తుంది, మీ కటాఫ్ సెప్టెంబర్ 30. తొమ్మిది రోజుల నోటీసు డబ్బు మీరు భరిస్తే సెప్టెంబర్ 30న చేరేందుకు నా వైపు నుంచి ప్రయత్నిస్తాను. పాత కంపెనీ ముందే వదలకపోతే, కటాఫ్ నుంచి మినహాయింపు ఇచ్చినట్టు లెటర్లో రాయమని కోరుతున్నాను. బెంగళూరు నుంచి సామాను తరలింపు ఖర్చు బిల్లుల మేరకు మీ పాలసీ ప్రకారం ఇవ్వగలరు. ఇక్కడి నుంచి వెళ్లడం వల్ల అక్టోబర్‌లో రావాల్సిన ఇన్సెంటివ్ పోతుంది, పోయిన ఏడాది పే స్లిప్ జతచేశాను, దానికి సమానంగా జాయినింగ్ బోనస్ వీలైతే పరిశీలించండి."

---

పేరోల్_అక్క

బాగుంది. ఫోన్‌లో సరే అంటే సంతోషించి ఊరుకోకు, లెటర్లో కనిపించాలి. లెటర్ చేతికి రాకుండా రాజీనామా ఇవ్వకు.

---

రేణిగుంట_కుర్రాడు

జవాబు వచ్చింది. గురువారం సాయంత్రం లెటర్ కూడా వచ్చింది.

ఏప్రిల్ సమీక్షకు అర్హుడు అన్న వాక్యం పెట్టారు, కటాఫ్ మినహాయింపు అని స్పష్టంగా ఉంది. అయితే పనిచేసిన నెలల లెక్కన అని కలిపారు. తొమ్మిది రోజుల నోటీసు డబ్బు, రసీదు చూపిస్తే ఇస్తారు. సామానుకు 30,000 దాకా, బిల్లుల మీద. బోనస్ 70,000 కుదరదన్నారు, 40,000 ఇస్తున్నారు, చేరిన మూడో నెల జీతంతో. రికవరీ షరతు పన్నెండు నెలలు, మొత్తం డబ్బు అని ఉంది. నెలల లెక్కన తగ్గించమని అడిగితే లెటర్ ఫార్మాట్ మారదు అన్నారు. కంపెనీ తీసేస్తే రికవరీ లేదని మాత్రం మెయిల్‌లో రాసిచ్చారు.

నిన్న రాజీనామా ఇచ్చాను. సెప్టెంబర్ 29న వదలమంటే మా మేనేజర్ చూద్దాం అన్నాడు. నాకు పదకొండు ఎర్న్‌డ్ లీవులు మిగిలి ఉన్నాయి. వాటిని ఆ తొమ్మిది రోజులకు సర్దమని అడగవచ్చా, లేక డబ్బే కట్టాలా?

---

బెంగళూరు_టు_చిత్తూరు

మా దగ్గర సర్దలేదు. నోటీసులో లీవే పెట్టకూడదన్నారు.

---

పేరోల్_అక్క

అది కంపెనీ ఇష్టం. అపాయింట్‌మెంట్ లెటర్లో నోటీసు పేరా చూడు, లీవు సర్దుబాటు గురించి ఉంటే అక్కడే ఉంటుంది. లేకపోతే మేనేజర్‌తో మెయిల్‌లో అడుగు. నీ కొత్త కంపెనీ ఎలాగూ నోటీసు డబ్బు ఇస్తానంది కాబట్టి లీవులు సర్దకుండా వాటికి డబ్బు తీసుకోవడమే నీకు లాభం. ముందు బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది తేల్చుకో. సెప్టెంబర్ 29 తేదీ వేసిన రిలీవింగ్ లెటర్ వస్తుందని కూడా రాతపూర్వకంగా తీసుకో, పాత తేదీ అక్టోబర్ 8 అనే ఉంటే కొత్త చోట రెండు ఉద్యోగాలు ఒకేసారి చేసినట్టు పీఎఫ్‌లో కనిపిస్తుంది.

---

రేణిగుంట_కుర్రాడు

పేరా చూశాను అక్కా, బేసిక్ మీదే. లీవు సర్దుబాటు మాట లేదు. తేదీ గురించి సోమవారం మెయిల్ పెడుతున్నాను.